యజమాని ఖాతా, ఇల్లాలి ఖాతా
(స్మారకోపన్యాస పాఠం)

ఏటా ఎవరి స్మృతిలో ఈ సభ జరుగుతున్నదో ఆ పెద్దాయన వృత్తి దుకాణాల లెక్కలు రాయడం. పెద్ద కంపెనీల లెక్కలు కావు. కిరాణా, బట్టలు, ఎరువులు, ఇనుపసామాను వంటి, ఒక్క యజమాని చేతి మీద నడిచే కొట్ల లెక్కలు. అమ్మకం, కొనుగోలు, బాకీ వసూలు రాయడం కొత్త గుమాస్తాకైనా కొన్నాళ్లలో వచ్చేస్తుంది. ఏళ్ల తరబడి రాసినవారు కూడా తడబడేది ఇంటికీ దుకాణానికీ మధ్య నడిచే డబ్బు దగ్గర. గల్లాపెట్టెలోంచి ఇంటికి వెళ్లినది, ఇంట్లోంచి గల్లాపెట్టెలోకి వచ్చినది, భార్యో తండ్రో బావమరిదో సర్దినది. ఈ సంవత్సరపు ఉపన్యాస విషయం ఆ డబ్బే.

చిక్కంతా ఒక తలకిందుల వ్యవహారంలో ఉంది. పుస్తకంలో యజమాని వేరు, దుకాణం వేరు. యజమాని పెట్టిన డబ్బును దుకాణం ఆయనకు బాకీ ఉన్నట్టు మూలధనం ఖాతాలో జమ వేస్తాం. కానీ చట్టం ముందు ఆ ఇద్దరూ ఒక్కరే. దుకాణానికి విడిగా ఉనికి లేదు. దుకాణం అప్పు యజమాని అప్పే, దుకాణం ఆదాయం యజమాని ఆదాయమే. కుటుంబం దగ్గరికొచ్చేసరికి వ్యవహారం తిరగబడుతుంది. ఇంట్లో భార్యాభర్తలది ఒకే సంసారం, ఒకే బీరువా. చట్టం ముందు మాత్రం వాళ్లిద్దరూ ఇద్దరు మనుషులు, ఇద్దరికీ వేర్వేరు పాన్ నంబర్లు. ఆమె డబ్బు ఆమెదే, ఆయన డబ్బు ఆయనదే. ఒక్కరైన చోట ఇద్దరని రాయాలి, ఒకటే సంసారమైన చోట ఇద్దరని గుర్తుపెట్టుకోవాలి. ఈ రెండో సంగతి మరిచిపోవడం వల్లే ఎక్కువ నష్టం జరుగుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇది లెక్క కోసం కల్పించినదే గానీ, ఇందులోని ఒక్కొక్క పద్దూ నిజమైన పుస్తకాల్లో కనిపించేదే. తణుకులో కిరాణా, వంటనూనెల దుకాణం. యజమాని, భార్య, ఇద్దరు పిల్లలు, యజమాని తల్లి. 2023 ఏప్రిల్ 1న మూలధనం ఖాతాలో నిల్వ 9,00,000 రూపాయలు. ఆ సంవత్సరం యజమాని పేరున బ్యాంకులో ఉన్న డిపాజిట్ గడువు తీరి 3,00,000 వచ్చింది. ఆయన దాన్ని దుకాణం ఖాతాకు మార్చాడు. జులై 1న భార్య తన పేరున ఉన్న డిపాజిట్ తీసి 4,00,000 బ్యాంకు ద్వారానే దుకాణం ఖాతాలో వేసింది. నూటికి నెలకు రూపాయి వడ్డీ ఇస్తానని ఆయన అన్నాడు.

ఇక ఇంటికి వెళ్లినవి. నెలకు 25,000 చొప్పున ఇంటి ఖర్చుకు గల్లాలోంచి 3,00,000. కూతురి ఇంజనీరింగ్ ఫీజు దుకాణం బ్యాంకు ఖాతాలోంచి 1,10,000. ఎల్‌ఐసీ ప్రీమియం 36,000. కిందటి సంవత్సరపు ఆదాయపు పన్ను బాకీ 24,000. ఇవి కాక ఏడాది పొడుగునా నూనె డబ్బాలు, బియ్యం, పప్పులు, పంచదార ఇంటికి వెళ్లాయి. కొన్న ధరకు వాటి విలువ 60,000. మొత్తం సొంతవాడకాలు 5,30,000. భార్యకు ఇవ్వాల్సిన వడ్డీ లెక్కించక ముందు దుకాణం నికర లాభం 6,60,000.

గుమాస్తా ఎలా రాశాడో చూడండి. నెలనెలా తీసిన 25,000నూ, పన్ను కట్టిన 24,000నూ సొంతవాడకాల కింద సరిగానే రాశాడు. ఫీజు చెక్కు వెళ్లిన రోజు ఏ పద్దు కింద వేయాలో అడగకుండా సాదిల్వారు ఖర్చుల్లో వేశాడు. ప్రీమియాన్ని ఇన్సూరెన్స్ ఖర్చులో వేశాడు, దుకాణానికి అగ్నిప్రమాద బీమా ఉన్న పద్దులోనే. ఇంటికి వెళ్లిన సరుకును అసలు రాయనే లేదు. డిపాజిట్ తాలూకు 3,00,000, భార్య ఇచ్చిన 4,00,000 రెండూ ఇంటి నుంచి వచ్చిన డబ్బే కదా అని మూలధనం ఖాతాలోనే జమ వేశాడు. వడ్డీ మాట ఆయనకు ఎవరూ చెప్పలేదు.

సంవత్సరాంతానికి ఆ పుస్తకం చూపిన నికర లాభం 4,54,000. మూలధనం ఖాతాలో తొలి నిల్వ 9,00,000, కొత్తగా వచ్చింది 7,00,000, లాభం 4,54,000 కలిపితే 20,54,000. అందులోంచి సొంతవాడకాలు 3,24,000 తీసేస్తే మిగిలింది 17,30,000. అంకణా కుదిరింది. ఆస్తి అప్పుల పట్టీ రెండు వైపులా సమానంగా వచ్చింది. చూసినవాళ్లందరూ లెక్క సరేనన్నారు.

ఇప్పుడు సరిచేసి రాద్దాం. ఫీజు, ప్రీమియం ఖర్చుల్లోంచి తీసి సొంతవాడకాల్లోకి మార్చాలి. సరుకు 60,000 కొనుగోళ్లలోంచి తగ్గించి సొంతవాడకాలకు ఖర్చు రాయాలి. లాభం మళ్లీ 6,60,000 అవుతుంది. భార్య ఇచ్చిన 4,00,000ను మూలధనంలోంచి బయటికి తీసి ఆమె పేరున అప్పు ఖాతా తెరవాలి. నూటికి రూపాయి అంటే నెలకు 4,000. జులై నుంచి మార్చి దాకా తొమ్మిది నెలలకు 36,000. అది దుకాణానికి ఖర్చు, ఆమె ఖాతాకు జమ. అప్పుడు లాభం 6,24,000. మూలధనం 9,00,000, దానికి 3,00,000, దానికి 6,24,000 కలిపి, 5,30,000 తీసేస్తే 12,94,000. భార్య ఖాతాలో 4,36,000. ఈ రెండూ కూడితే సరిగ్గా 17,30,000.

ఈ సమానత్వం దగ్గర కాస్త ఆగాలి. లాభం లక్షల్లో తప్పింది, సొంతవాడకాలు లక్షల్లో తప్పాయి, ఒక మనిషి ఇచ్చిన అప్పు పుస్తకంలోంచే మాయమైంది. అయినా కూడిక మారలేదు. కారణం తేలికే. ఇంటి ఖర్చును దుకాణం ఖర్చుగా రాస్తే లాభం ఎంత తగ్గుతుందో సొంతవాడకాలూ అంతే తగ్గుతాయి. ఆ రెండూ చివరికి చేరేది మూలధనం ఖాతాలోకే కనుక ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. భార్య అప్పు మూలధనంలో పడితే పట్టీలో అదే వైపున పేరు మారుతుందే తప్ప మొత్తం మారదు. కూడికలు కుదరడం చూసి ఈ రకం తప్పులను ఎవరూ కనిపెట్టలేరు. మూలధనం ఖాతాను ఒక్కొక్క వరుసగా చదివి, ఈ డబ్బు ఎవరిది, ఎక్కడికి వెళ్లింది అని అడిగితేనే దొరుకుతాయి.

అడిగేవాళ్లు మొదట చూసేది సొంతవాడకాల మొత్తాన్ని. అయిదుగురు మనుషులు, కాలేజీలో ఒక అమ్మాయి, సంవత్సరం మొత్తానికి 3,24,000 చాలిందా అని బ్యాంకు మేనేజరో పన్ను అధికారో అడుగుతారు. ఇంకా తక్కువ చూపే పుస్తకాలు ఉన్నాయి. ఇంటికి తీసింది మరీ తక్కువగా కనిపిస్తే ఆ కుటుంబం లెక్కలో చూపని ఆదాయంతో బతుకుతోందన్న అనుమానం పుడుతుంది. పన్ను అధికారి ఇంటి ఖర్చును తానే అంచనా కట్టి తేడాను ఆదాయానికి కలపడం అసెస్‌మెంట్లలో పాత సంగతే. మన ఉదాహరణలో ఆ వర్తకుడు దాచింది ఏమీ లేదు. తప్పు పద్దులో రాసుకున్నాడు, అంతే. ఆ సంజాయిషీ ఇప్పుడు ఆయన మీద పడింది.

సరుకు సంగతి వేరుగా చెప్పాలి. దుకాణంలోంచి ఇంటికి వెళ్లిన నూనె డబ్బాకు ఏ ధర కట్టాలి? కొన్న ధరా, అమ్మే ధరా? ఈ ప్రశ్న మీద మన సుప్రీంకోర్టు 1953లోనే తీర్పు చెప్పింది. బొంబాయిలో వెండి, షేర్ల వ్యాపారం చేసే కికాభాయ్ ప్రేమ్‌చంద్ తన వ్యాపారపు సరుకులోంచి కొన్ని వెండి కడ్డీలు, షేర్లు తీసి ట్రస్టులకు రాశాడు. పుస్తకంలో వాటిని కొన్న ధరకే తగ్గించాడు. అప్పటికి మార్కెట్లో ధర పెరిగింది కాబట్టి ఆ తేడా లాభమేనని పన్ను శాఖ వాదించింది. న్యాయమూర్తుల్లో అధిక సంఖ్యాకులు ఆ వాదన ఒప్పుకోలేదు. యజమానినీ వ్యాపారాన్నీ ఇద్దరిగా చేసి, ఒకరు మరొకరికి అమ్మినట్టు ఊహించడం వాస్తవం కాదన్నారు. మనిషి తనతో తాను బేరం చేసి లాభం గడించలేడు. రెండేళ్ల తర్వాత, 1955లో, ఇంగ్లండులో హౌస్ ఆఫ్ లార్డ్స్ దీనికి సరిగ్గా ఎదురు చెప్పింది. లేడీ వెర్నర్ అనే ఆమె గుర్రాలు పెంచే వ్యాపారంలోంచి అయిదు గుర్రాలను తన సరదా పందేల లాయానికి మార్చుకుంది. వాటికి మార్కెట్ ధర కట్టాల్సిందేనని అక్కడి తీర్పు. ఒకే ప్రశ్నకు రెండు దేశాలు రెండు జవాబులు ఇచ్చాయి. మన వర్తకుడికి వర్తించేది మొదటిది. ఇంట్లో వాడుకున్న బియ్యం, నూనె కొన్న ధరకే సొంతవాడకం.

దీనికి రెండు సవరణలు ఉన్నాయి. మొదటిది జీఎస్టీ. సొంత వాడకానికి వెళ్లిన సరుకు మీద ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ చెల్లదు. కొన్నప్పుడు తీసుకుని ఉంటే వెనక్కి కట్టాలి, ఆ పన్ను కూడా సొంతవాడకాల్లోకే వెళ్లాలి. మన ఉదాహరణలోని 60,000 ఆ పన్నుతో కలిపిన ధర అనుకోండి. రెండోది నగల వర్తకులకు. వ్యాపార సరుకును మూలధన ఆస్తిగా మార్చుకుంటే ఆ రోజు మార్కెట్ ధరను వ్యాపార ఆదాయంగా లెక్కించాలని 2018 ఫైనాన్స్ చట్టం చేర్చింది. ఆభరణం చట్టం దృష్టిలో మూలధన ఆస్తి. కొట్లోని హారం ఇంటి బీరువాలోకి సొంత ఆస్తిగా చేరితే కొన్న ధర చాలదు.

తనతో తాను బేరం చేయలేడన్న ఆ సూత్రం వల్లే యజమాని తనకు తాను జీతం రాసుకోలేడు. నెలకు 30,000 యజమాని జీతం అని ఖర్చు రాసిన పుస్తకాలు ఇప్పటికీ కనిపిస్తాయి. మూలధనం మీద తనకు తాను వడ్డీ కట్టుకున్నవీ ఉన్నాయి. దుకాణం నిజంగా ఎంత లాభసాటిగా ఉందో తెలుసుకోవడానికి అలా లెక్క వేసుకోవడం మంచి అలవాటే. పన్ను లెక్కలో మాత్రం ఆ రెండూ ఖర్చు కావు. భాగస్వామ్య సంస్థలో భాగస్వాములకు పరిమితులకు లోబడి జీతం, వడ్డీ చెల్లుతాయి గనుక అక్కడి అలవాటు ఇక్కడికి వచ్చి ఉంటుంది.

యజమాని తెచ్చిన 3,00,000 సంగతి తేలిక. అది ఆయన డబ్బు, మూలధనమే. అప్పు కాదు గనుక నగదుగా తెచ్చినా అప్పుల మీద ఉన్న నిబంధన తగలదు. అయితే పుస్తకంలో జమ పడిన ప్రతి మొత్తానికీ అది ఎక్కడిదో చెప్పగలగాలి. 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 68వ సెక్షన్ అడిగేది అదే. డిపాజిట్ రసీదు, సేవింగ్స్ ఖాతా నుంచి దుకాణం ఖాతాకు మారిన పద్దు ఉంటే ప్రశ్నే లేదు. గొడవ వచ్చేది నగదుతో. ఏప్రిల్లో ఇంటికని తీసిన రెండు లక్షలే ఫిబ్రవరిలో మళ్లీ దుకాణంలో పెట్టానని చెప్పే వర్తకుణ్ని ఒక మాట అడుగుతారు. ఆ పది నెలలు ఇల్లు దేనితో గడిచింది? దానికి జవాబు ఉండాలంటే ఇంటి ఖర్చు విడిగా, నెలనెలా సొంతవాడకాల్లో కనబడాలి. సొంతవాడకాలను నిజాయితీగా రాసిన పుస్తకమే తర్వాత తెచ్చిన మూలధనానికి సాక్ష్యం చెబుతుంది.

భార్య ఇచ్చిన డబ్బు దగ్గర మూడు ప్రశ్నలు వస్తాయి. ఇచ్చింది ఎవరు, ఇచ్చే తాహతు ఆమెకు ఉందా, ఇచ్చినమాట నిజమేనా. 2022 ఫైనాన్స్ చట్టం నాలుగోది కూడా చేర్చింది. అప్పు ఇచ్చిన మనిషికి ఆ డబ్బు ఎక్కడిదో కూడా తెలియజెప్పాలి. ఇక్కడ ఆమె డిపాజిట్ రసీదు, పాస్‌బుక్కు, పాన్ ఉన్నాయి గనుక చిక్కు లేదు. ఆ డిపాజిట్ ఒకప్పుడు భర్త బహుమతిగా ఇచ్చిన డబ్బుతో వేసినదైతే, ఆమెకు వచ్చిన 36,000 వడ్డీని 64వ సెక్షన్ కింద తిరిగి ఆయన ఆదాయంలోనే కలుపుతారు. ఆమె పుట్టింటివారు ఇచ్చినదో, ఆమె సంపాదించినదో అయితే ఆ వడ్డీ ఆమె ఆదాయం. వడ్డీ రేటు కూడా బజారులో నడిచే రేటుకు దగ్గరగా ఉండాలి. బ్యాంకు తక్కువకే ఇస్తుంటే భార్యకు నూటికి రెండు రూపాయలు రాసిన పుస్తకంలో ఎక్కువైన భాగాన్ని అధికారి కొట్టేయవచ్చు.

ఇప్పుడు బావమరిది. మన ఉదాహరణలో ఇంతవరకు ఆయన ప్రస్తావన రాలేదు, ఎందుకంటే గుమాస్తా పుస్తకంలోనూ రాలేదు. 2023 దసరా ముందు నూనె సరుకు దించుకోవడానికి డబ్బు తక్కువైంది. అక్టోబరు 18న బావమరిది 1,50,000 నగదు తెచ్చి ఇచ్చాడు. ఆ రోజు చిట్టా ప్రకారం గల్లాలో 42,000 ఉంది. బ్యాంకులో నగదుగా జమ చేసింది 1,60,000. దీపావళి అమ్మకాల తర్వాత, నవంబరు 20న, ఆయన డబ్బు ఆయనకు నగదుగానే తిరిగి వెళ్లింది. రాకా రాయలేదు, పోకా రాయలేదు. మార్చి 31న రొక్కం నిల్వ సరిగ్గా ఉంది. కానీ అక్టోబరు 18 సాయంత్రానికి చిట్టాలో రొక్కం నిల్వ మైనస్ 1,18,000. పెట్టెలో లేని డబ్బును ఎవరూ బ్యాంకులో వేయలేరు. మైనస్ రొక్కం కనబడిందంటే ఆ రోజుకు ముందే పుస్తకానికి తెలియని డబ్బు ఏదో వచ్చిందని అర్థం. సంవత్సరాంతపు నిల్వ చూసి ఊరుకునేవారికి ఇది ఎప్పటికీ దొరకదు. రోజువారీ నిల్వలు తిప్పి చూసేవారికి నిమిషంలో దొరుకుతుంది.

దొరికాక చేసే మరమ్మతులు అసలు తప్పుకంటే ప్రమాదం. ఒక గుమాస్తా దాన్ని నగదు అమ్మకంగా రాస్తాడు. అప్పుడు లేని అమ్మకం మీద జీఎస్టీ, లేని లాభం మీద పన్ను. పైగా నవంబరులో బయటికి వెళ్లిన 1,50,000కు కారణం ఉండదు. మరొకరు యజమాని మూలధనమని రాస్తారు. అప్పుడు 68వ సెక్షన్ ప్రశ్నకు జవాబు ఉండదు. ఆ సంవత్సరానికి వివరణ లేని జమ మీద పన్ను 60 శాతం, దాని మీద సర్‌చార్జి, సెస్సు కలిపి 78 శాతం. అంటే లక్షాయాభై వేలకు 1,17,000. ఇంకొకరు 19,000 చొప్పున ముక్కలు చేసి ఎనిమిది రోజుల మీద రాస్తారు. ఇరవై వేల లోపైతే ఫరవాలేదని విని ఉంటారు.

ఆ విన్నది సగమే. 269ఎస్‌ఎస్ సెక్షన్ ప్రకారం 20,000 అంతకు మించిన అప్పును నగదుగా తీసుకోకూడదు. ఒక్కసారి తీసుకున్నదాన్నే కాదు, అదే మనిషికి అప్పటికే ఉన్న బాకీని కూడా కలిపి చూస్తారు. రెండో 19,000 రాసిన రోజునే మొత్తం 38,000 అయింది, హద్దు దాటింది. తిరిగి ఇవ్వడానికి 269టి సెక్షన్ ఇలాంటి నిబంధనే పెట్టింది. తీసుకున్నందుకు అంత మొత్తం, తిరిగి ఇచ్చినందుకు మళ్లీ అంత మొత్తం జరిమానా పడవచ్చు. 1,50,000 చేబదులుకు ఆయన మీద వేలాడేది 3,00,000. రెండు సందర్భాల్లోనూ జరిమానా దుకాణదారుడి మీదే, సాయం చేసిన బావమరిది మీద కాదు.

ఈ నిబంధన రాజ్యాంగబద్ధమేనని 2002లో కుమారి ఎ.బి. శాంతి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సమంజసమైన కారణం చూపితే జరిమానా వదిలేయవచ్చన్న వెసులుబాటు చట్టంలోనే ఉందని కూడా గుర్తు చేసింది. దగ్గరి బంధువుల మధ్య, అవసరం మీద, దాపరికం లేకుండా జరిగిన నగదు అప్పులకు కొన్ని హైకోర్టులు, ట్రిబ్యునళ్లు ఆ వెసులుబాటు ఇచ్చాయి. కానీ ఆ తీర్పులు అందుకున్నవారు సంవత్సరాల పాటు అప్పీళ్లు నడిపారు. పుస్తకంలో రాయనే రాయని అప్పుకు దాపరికం లేదని వాదించడం ఎలా?

తండ్రి విషయంలో మన రెండు రాష్ట్రాల్లోనూ ఒక నమ్మకం బలంగా ఉంది. నాన్నది వ్యవసాయం, ధాన్యం అమ్మిన డబ్బు నగదుగా ఇచ్చాడు, వ్యవసాయ డబ్బుకు పట్టింపు లేదు అంటారు. మినహాయింపు ఉన్నమాట నిజం. కానీ అది ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ ఇద్దరికీ వ్యవసాయ ఆదాయం ఉండి, ఇద్దరిలో ఎవరికీ పన్ను పడే ఆదాయం లేనప్పుడే. కొడుకు దుకాణదారుడై పన్ను పరిధిలో ఉంటే ఆ మినహాయింపు పోయినట్టే. అప్పు కాదు, నాన్న బహుమతి అని రాసుకున్నా నగదైతే పూర్తిగా తప్పించుకోలేడు. బంధువు ఇచ్చిన బహుమతి మీద పన్ను లేదు గానీ, 2017 ఏప్రిల్ నుంచి ఒక మనిషి దగ్గర ఒక రోజులో రెండు లక్షలు అంతకు మించి నగదు పుచ్చుకోవడమే నిషేధం. బంధుత్వం దానికి అడ్డు రాదు. తండ్రి ధాన్యం డబ్బు తన బ్యాంకు ఖాతాలో వేసి, అక్కడి నుంచి కొడుకు ఖాతాకు పంపితే వీటిలో ఏ గొడవా లేదు.

ఇంతవరకు చెప్పింది పన్ను. ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఉంది. అది వర్తకుల కుటుంబాల్లో యజమాని పోయాక గానీ చర్చకు రాదు. అప్పుడు చాలా ఆలస్యమవుతుంది.

మన తణుకు యజమాని 2024 మార్చి 31న వీలునామా లేకుండా చనిపోయాడనుకోండి. హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి నలుగురూ సమాన వారసులు. దుకాణం ఆస్తులు పుస్తకం విలువకే అమ్ముడుపోయి బయటి బాకీలన్నీ తీరాయనుకుందాం. గుమాస్తా రాసిన పుస్తకం ప్రకారం మిగిలిన 17,30,000 నాలుగు భాగాలవుతుంది. భార్య వాటా 4,32,500. సరైన పుస్తకం ప్రకారమైతే ఆమె ముందు అప్పు ఇచ్చిన మనిషి, తర్వాతే వారసురాలు. తన 4,36,000 తీసుకున్నాక, మిగిలిన 12,94,000లో నాలుగో వంతు 3,23,500. మొత్తం 7,59,500. ఒక్క ఖాతా పేరు తప్పు రాయడం వల్ల ఆమె పోగొట్టుకున్నది 3,27,000 రూపాయలు. డబ్బు ఇచ్చింది తండ్రి అయితే మరీ అన్యాయం. ఆ చట్టంలో తల్లి మొదటి తరగతి వారసురాలు, తండ్రి కాడు. భార్యాపిల్లలో తల్లో ఉండగా ఆయనకు వాటాయే రాదు. ఆయన ఇచ్చిన డబ్బు మూలధనంలో పడిందంటే ఆయనకు దక్కేది సున్నా. కొడుకు మంచివాడే, కోడలు మంచిదే, మనుమలు మంచివాళ్లే కావచ్చు. కానీ ముసలితనంలో తన సొమ్ము కోసం వాళ్ల మంచితనం మీద ఆధారపడాల్సిన గతి ఆయనకు పుస్తకం రాసినవాడు పట్టించాడు.

ఖాతా పేరు సరిగా రాసినంత మాత్రాన పని పూర్తికాదు. క్రమంగా రాసిన లెక్క పుస్తకాలు సాక్ష్యానికి పనికొస్తాయి గానీ, కేవలం వాటి మీదే ఎవరినీ బాకీదారుగా తేల్చరు. సాక్ష్య చట్టంలో 34వ సెక్షనుగా ఉన్న ఈ నియమం 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియంలోనూ కొనసాగుతోంది. తోడుగా బ్యాంకు పద్దు ఉండాలి. రెవెన్యూ స్టాంపు అంటించి యజమాని సంతకం చేసిన ప్రోనోటు ఉంటే ఇంకా మంచిది. గడువు కూడా ఉంది. 2023 జులై 1న ఇచ్చిన చేబదులుకు మూడేళ్లు నిండేది 2026 జులై 1న. ఈలోగా బాకీ ఉన్నట్టు యజమాని రాతపూర్వకంగా ఒప్పుకుని సంతకం చేస్తే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు. గడువు దాటాక చేసిన సంతకానికి ఆ బలం లేదు. ప్రోనోటు తిరగరాయించుకోవడం మన ఊళ్లలో బయటి అప్పులకు అందరూ చేసే పనే. భార్య దగ్గర, తండ్రి దగ్గర తీసుకున్నదానికి ఎవరూ చేయరు. భార్యను ప్రోనోటు అడగనివ్వడం తమకు అవమానమని మగవాళ్లు అనుకుంటారు. అడిగితే నమ్మకం లేనట్టుంటుందని ఆమె అనుకుంటుంది. తన సొమ్ముకు రాత అడగడంలో అవమానమేమీ లేదు, ఇవ్వడంలో అంతకంటే లేదు.

కుటుంబపు అప్పులను అప్పులుగా చూపితే బ్యాంకు లిమిట్ తగ్గిస్తుందేమోనన్న భయంతో మూలధనంలో కలిపేసేవారున్నారు. ఆ భయానికి వేరే దారి ఉంది. లిమిట్ నడిచినంత కాలం తమ డబ్బు వెనక్కి తీసుకోబోమని కుటుంబ సభ్యులు రాసిస్తే, చాలా బ్యాంకులు ఆ అప్పును అంచనాల్లో యజమాని సొమ్ముతో సమానంగానే పరిగణిస్తాయి. ఆ కాగితం మీద సంతకం పెట్టేముందు మాత్రం ఇంటివారికి దాని అర్థం చెప్పాలి. అవసరమొచ్చినా డబ్బు తీసుకోలేరని వాళ్లకు తెలియాలి.

సెక్షన్ల సంఖ్యల గురించి ఒక మాట. ఇక్కడ చెప్పిన ఆదాయపు పన్ను సెక్షన్లన్నీ 1961 చట్టంలోవి, ఉదాహరణ సంవత్సరానికి వర్తించేవి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలుకు నిర్ణయించిన 2025 ఆదాయపు పన్ను చట్టంలో సంఖ్యలు వేరు. ఏ సంవత్సరపు లెక్క అయితే ఆ సంవత్సరపు చట్టం, ఆ సంవత్సరపు రేట్లు చూసుకోవాలి.

ఈ సభలో వర్తకులున్నారు, లెక్కలు రాసేవారున్నారు, కామర్స్ చదివే పిల్లలున్నారు. అందరికీ ఒకటే విన్నపం. ఈసారి మార్చి 31న మూలధనం ఖాతాను మొదటి వరుస నుంచి చివరి దాకా చదవండి. యజమానిది కాని ప్రతి రూపాయినీ బయటికి తీసి, ఇచ్చిన మనిషి పేరున ఖాతా తెరవండి. ఆ ఖాతా నిల్వను ఒక కాగితం మీద రాసి, యజమాని చేత సంతకం చేయించి, ఒక ప్రతి ఆమెకో, ఆయనకో చేతికివ్వండి.